రెండుసార్లు అడిగితే అదే జవాబు వస్తుందా?

పదిమంది డిగ్రీ విద్యార్థులకు ఒక ప్రశ్నావళి ఇచ్చారు. రెండు వారాల తర్వాత అదే గదిలో, అదే సమయానికి, అదే ప్రశ్నావళి మళ్లీ ఇచ్చారు. మొదటిసారి వచ్చిన స్కోర్లు ఇవి:

12, 15, 17, 18, 20, 21, 23, 25, 28, 31

రెండోసారి, అదే వరుసలో, అదే విద్యార్థులకు వచ్చినవి ఇవి:

9, 10, 16, 12, 16, 14, 21, 20, 25, 27

ఈ అంకెలు లెక్క చూపడానికి నేను కల్పించుకున్నవి. ప్రశ్నావళి మాత్రం నిజమైనదే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన 'పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్'కు పది ప్రశ్నల రూపం అది. గడచిన నెల రోజుల్లో మనసు మీద ఎంత ఒత్తిడి ఉన్నట్టు అనిపించిందో అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' అంటే 0, 'చాలా తరచుగా' అంటే 4. మొత్తం స్కోరు 0 నుంచి 40 లోపు ఉంటుంది. ఎక్కువ స్కోరంటే ఎక్కువ ఒత్తిడి.

ఇలాంటి ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేవాళ్లు సాధారణంగా ఒక పద్ధతి పాటిస్తారు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. రెండింటినీ కలిపి ఒక పాఠం తయారుచేస్తారు. ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. తేడాలు సరిదిద్దాక కొద్దిమంది విద్యార్థుల మీద పైలట్ చేస్తారు. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఒకే మనిషి, పరిస్థితి మారకుండా, ఈ తెలుగు కాగితాన్ని రెండుసార్లు నింపితే దాదాపు అదే స్కోరు వస్తుందా? దీన్నే పునఃపరీక్ష విశ్వసనీయత అంటారు. దాన్ని ఒక సంఖ్యలో చెప్పడానికి ఎక్కువగా వాడే కొలమానం ఇంట్రాక్లాస్ కోరిలేషన్ గుణకం, పొట్టిగా ఐసీసీ.

సిద్ధాంత గ్రంథాల్లో, పత్రికల్లో ఐసీసీ ఒక్క వాక్యంలో కనిపిస్తుంది: 'ఐసీసీ 0.78, విశ్వసనీయత బాగుంది' అని. ఆ ఒక్క సంఖ్య వెనక మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూడకపోతే ఆ వాక్యం మనకు ఏమీ చెప్పనట్టే.

సహసంబంధం ఎందుకు చాలదు

పై రెండు వరుసలకు చాలామంది మొదట వేసే లెక్క పియర్సన్ సహసంబంధం. ఇక్కడ అది 0.95 వస్తుంది. చూడగానే సంతోషం కలిగించే అంకె. కానీ రెండు వరుసల్నీ మళ్లీ చూడండి. మొదటిసారి సగటు 21, రెండోసారి 17. పదిమందిలో ఒక్కరి స్కోరు కూడా నిలబడలేదు, అందరిదీ తగ్గింది. ఒకరికి 1 తగ్గితే ఇంకొకరికి 7 తగ్గింది.

పియర్సన్ లెక్క దీన్ని పట్టించుకోదు. మొదటిసారి పైన ఉన్నవాళ్లు రెండోసారీ పైనే ఉన్నారా, కింద ఉన్నవాళ్లు కిందే ఉన్నారా అని మాత్రమే చూస్తుంది. అందరి స్కోరూ 4 కాక 14 తగ్గినా ఆ 0.95లో రవ్వంత మార్పు రాదు. కొలిచే సాధనానికి ఇది చాలదు. 20 వస్తే ఒక అర్థం, 16 వస్తే ఇంకో అర్థం చెప్పుకోబోతున్నప్పుడు, వరుస నిలిచిందంటే సరిపోదు, స్కోరు కూడా నిలవాలి.

ఐసీసీ పుట్టింది వేరే అవసరం నుంచి. అన్నదమ్ముల ఎత్తులు ఎంత దగ్గరగా ఉంటాయో కొలవాలంటే, జంటలో ఎవరిని మొదటి గడిలో రాయాలి, ఎవరిని రెండో గడిలో రాయాలి అన్న చిక్కు వస్తుంది. ఇద్దరూ ఒకే కుటుంబానికి చెందినవాళ్లు కాబట్టి ఆ వరుసకు అర్థం లేదు. రోనాల్డ్ ఫిషర్ 1925లో రాసిన గణాంక శాస్త్ర గ్రంథంలో ఈ లెక్కను వేరియన్స్ విశ్లేషణతో కలిపి వివరించారు. ఒక కుటుంబంలో ఇద్దరి మధ్య పోలిక ఎంతో, ఒక విద్యార్థి రాసిన రెండు కాగితాల మధ్య పోలిక ఎంతో చూడటానికి లెక్క ఒకటే.

ఇరవై స్కోర్లలో మూడు పాళ్లు

మన ముందు ఇరవై స్కోర్లున్నాయి. అవన్నీ ఒకటే ఎందుకు కాలేదు? మూడు కారణాలు. ఒకటి, విద్యార్థులు వేర్వేరు మనుషులు, వాళ్ల ఒత్తిళ్లు వేరు. రెండు, మొదటి రోజుకూ రెండో రోజుకూ మొత్తం తరగతి మీద పడిన తేడా. మూడు, ఈ రెండింటిలో దేనికీ అందని మిగులు: తొందరలో గీసిన టిక్కు, ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా అర్థమైన ప్రశ్న, ఆ ఉదయం మనసు ఎలా ఉందో అది. ఈ మూడింటికీ వేరియన్స్ రూపంలో వాటా కట్టాలి.

మిగులుతో మొదలుపెడదాం. ప్రతి విద్యార్థికి రెండోసారి స్కోరు ఎంత తగ్గిందో రాస్తే 3, 5, 1, 6, 4, 7, 2, 5, 3, 4 వస్తాయి. సగటు 4. ఆ నాలుగు అందరికీ ఉమ్మడిగా తగ్గింది కాబట్టి దాన్ని పక్కన పెడితే ఒక్కొక్కరి దగ్గర మిగిలేది 1, 1, 3, 2, 0, 3, 2, 1, 1, 0, కొందరిది పైకి, కొందరిది కిందికి. వీటి వర్గాల మొత్తం 30. ప్రతి తేడాలోనూ రెండు రోజుల పొరపాటూ కలిసి ఉంటుంది గనక సగం చేస్తే 15. పదిమందికి ఒకటి తక్కువగా 9తో భాగిస్తే 1.67. ఇది మిగులు.

ఇప్పుడు విద్యార్థుల మధ్య తేడా. ఒక్కొక్కరి రెండు స్కోర్ల సగటు తీస్తే 10.5 నుంచి 29 దాకా పరుచుకుని ఉంటాయి. ఆ పది సగటుల వేరియన్స్ 35.28. ఇందులోనూ కొంత మిగులు దాగి ఉంటుంది. రెండు కాగితాల సగటు కాబట్టి 1.67లో సగం, అంటే 0.83 తీసేస్తే 34.4.

చివరగా రోజుల తేడా. రెండు రోజుల సగటులు 21, 17. వాటి వేరియన్స్ 8. పదిమంది సగటులో దాగే మిగులు 0.17 తీసేస్తే 7.8.

మొత్తం 34.4 + 7.8 + 1.7 = 43.9. మనకు కావలసింది మనుషుల మధ్య ఉన్న నిజమైన తేడా మొత్తంలో ఎంత భాగమో. 34.4ను 43.9తో భాగిస్తే 0.78. ఇదే ఐసీసీ.

ఇప్పుడు ఆ సంఖ్యకు ఒక అర్థం ఏర్పడింది. ఈ కాగితాలు చూపించే తేడాల్లో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు విద్యార్థుల మధ్య తేడా, మిగిలిన ఇరవై రెండు పాళ్లు మనకు అక్కరలేనివి. ఆ ఇరవై రెండులో దాదాపు పద్దెనిమిది పాళ్లు రోజు మారడం వల్ల వచ్చినవి. విద్యార్థుల నిలకడలేమి నాలుగు పాళ్లు కూడా లేదు. వీళ్లు తెలుగు ప్రశ్నలకు తడబడలేదు. తరగతి మొత్తం ఒకే వైపు జరిగింది.

ఏ ఐసీసీ?

ఐసీసీ ఒకటి కాదు. 1979లో ష్రౌట్, ఫ్లీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరు రూపాలను వివరించారు. 1996లో మెక్‌గ్రా, వాంగ్ ఆ జాబితాను ఇంకా పెంచారు. పునఃపరీక్షకు ఈ వైవిధ్యమంతా అక్కర్లేదు. రెండు నిర్ణయాలు తీసుకుంటే చాలు, కానీ ఆ రెండూ సంఖ్యను గట్టిగానే మారుస్తాయి.

మొదటిది: రోజుల తేడాను తప్పుగా లెక్కించాలా, వదిలేయాలా? వదిలేస్తే హారంలో 7.8 మాయమవుతుంది. 34.4ను 36.1తో భాగిస్తే 0.95. దీన్ని 'కన్సిస్టెన్సీ' రూపం అంటారు. లెక్కలోకి తీసుకుంటే 0.78. ఇది 'అబ్సల్యూట్ అగ్రిమెంట్' రూపం. అవే కాగితాలు, అదే పేరు, రెండు ఫలితాలు. స్కోరు విలువనే వాడబోతున్న ప్రశ్నావళికి రెండోదే సరైనది. ఒకే గుంపులో ఎవరు ముందు, ఎవరు వెనక అని మాత్రమే చూసే పనైతే మొదటిది చాలు.

రెండోది: ఒక్క కాగితం విశ్వసనీయత కావాలా, రెండు కాగితాల సగటు విశ్వసనీయత కావాలా? సాఫ్ట్‌వేర్ రెండూ ఇస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ పట్టికలో పై వరుస Single Measures, కింది వరుస Average Measures. మన లెక్కకు సగటు రూపం 0.88 వస్తుంది. పెద్దది కాబట్టి అది రాయాలనిపిస్తుంది. కానీ రేపు అసలు సర్వేలో ప్రతి విద్యార్థి కాగితాన్ని ఒక్కసారే నింపుతాడు. కాబట్టి రాయవలసింది పై వరుసే.

ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు నిర్ణయాలూ ఇలా కనిపిస్తాయి:

```r
library(irr)
day1 <- c(12,15,17,18,20,21,23,25,28,31)
day2 <- c(9,10,16,12,16,14,21,20,25,27)
icc(cbind(day1, day2), model = "twoway",
    type = "agreement", unit = "single")
```

చివరి వరుసలో "agreement" బదులు "consistency" పెడితే 0.95 వస్తుంది. ఏది పెట్టాలో కాగితాలు పంచకముందే నిర్ణయించి రాసి పెట్టుకోవాలి. ఫలితం చూశాక ఎంచుకుంటే సంఖ్య ప్రశ్నావళిని కాదు, మన కోరికను కొలుస్తుంది. ఐసీసీ ఏ రూపమో చెప్పని నివేదిక చదివేటప్పుడు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి. రూపం తెలియని 0.88ను, రూపం తెలిసిన 0.78తో పోల్చలేం.

పదిమందితో ఎంత నమ్మొచ్చు

చిన్న గుంపు తెచ్చే మొదటి ఇబ్బంది అందరికీ తెలిసిందే: అంచనా ఊగుతుంది. అందుకే ఐసీసీ పక్కన 95 శాతం విశ్వాస అంతరం రాస్తారు. మన పదిమందికి అబ్సల్యూట్ అగ్రిమెంట్ రూపంలో ఆ అంతరం కింది వైపు సున్నా దగ్గరకు పడిపోతుంది, పై వైపు 0.96 దాకా వెళుతుంది. అంటే ఈ పైలట్ ఒక్కదాన్నే ఆధారం చేసుకుంటే ప్రశ్నావళి అధ్వాన్నమని అనలేం, అద్భుతమని కూడా అనలేం.

అంతరం ఇంత వెడల్పు కావడానికి పదిమందే ఉండటం ఒక్కటే కారణం కాదు. రోజుల తేడా అన్న పాలును మనం రెండు రోజుల నుంచే అంచనా వేశాం. మూడో రోజు అడిగితే సగటు 21కి తిరిగి వచ్చేదో, 13కి దిగేదో మనకు తెలియదు. తరగతి మొత్తం ఒకవైపు జరిగినప్పుడు ఎంతమంది విద్యార్థుల్ని చేర్చినా ఈ అనిశ్చితి తీరదు. ఆ జరుగుబాటు లేనప్పుడు మాత్రం లెక్క సులువు: ఐసీసీ 0.8 దగ్గర ఉంటుందనుకుంటే, దాన్ని అటూ ఇటూ 0.1 లోపల పట్టుకోవడానికి రెండుసార్లూ రాసిన వాళ్లు యాభైమంది కావాలి. కొలత సాధనాల నాణ్యతకు ప్రమాణాలు పెట్టిన 'కాస్మిన్' బృందం కూడా యాభై, వంద అన్న సంఖ్యల చుట్టూనే మార్గదర్శకాలు చెప్పింది.

2016లో కూ, లీ అనే పరిశోధకులు సూచించిన మెట్లు ఇప్పుడు విరివిగా వాడుతున్నారు: 0.5 లోపు బలహీనం, 0.75 దాకా మధ్యస్థం, 0.9 దాకా మంచిది, ఆపైన అత్యుత్తమం. ఆ మెట్లను ఒక్క అంకెకు కాక విశ్వాస అంతరం మొత్తానికి అన్వయించాలని వాళ్లే చెప్పారు. మెట్లు మాత్రం అందరూ రాస్తారు, ఈ రెండో మాట తరచుగా రాలిపోతుంది. మన 0.78ను 'మంచిది' అనేసి ఊరుకుంటే ఆ అంతరం చెప్పే కథను దాచేసినట్టే.

చిన్న గుంపు తెచ్చే రెండో ఇబ్బంది అంత తేలిగ్గా కనిపించదు. పదిమందిలో స్కోరు మరీ తక్కువ ఉన్న ఇద్దరూ, మరీ ఎక్కువ ఉన్న ఇద్దరూ రెండో రోజు రాలేదనుకుందాం. మధ్యలో ఉన్న ఆరుగురే మిగిలారు: మొదటిసారి 17, 18, 20, 21, 23, 25, రెండోసారి 16, 12, 16, 14, 21, 20. ప్రశ్నావళి మారలేదు. ఈ ఆరుగురి కాగితాల్లో ఒక్క గీత కూడా మారలేదు. సగటు తగ్గుదల కూడా దాదాపు అంతే, 4.2. కానీ ఐసీసీ 0.78 నుంచి 0.42కు పడిపోతుంది.

ఎందుకో మూడు పాళ్లు చూస్తే తెలుస్తుంది. రోజుల తేడా 7.8 నుంచి 8.2 అయింది, పెద్ద మార్పేం కాదు. మిగులు 1.7 నుంచి 2.7 అయింది. విద్యార్థుల మధ్య తేడా మాత్రం 34.4 నుంచి 7.8కి కుప్పకూలింది. లవం కరిగిపోయింది కాబట్టి నిష్పత్తి పడిపోయింది. మనుషులు ఒకరికొకరు దగ్గరగా ఉన్న గుంపులో ఐసీసీ ఎప్పుడూ తక్కువే వస్తుంది. మొదటి ఏడాది బీఎస్సీ నర్సింగ్ తరగతి ఒక్కటే తీసుకుని, అందరూ ఒకే హాస్టల్లో ఒకే టైంటేబుల్‌తో బతుకుతుంటే, వాళ్ల ఒత్తిడి స్కోర్లు దగ్గరదగ్గరగా ఉండటం సహజం. అక్కడ ఐసీసీ తగ్గితే అనువాదాన్ని తప్పుపట్టే ముందు స్కోర్ల విస్తీర్ణం చూడాలి.

దీనికి విరుగుడుగా ఐసీసీ పక్కన ఇంకో సంఖ్య రాస్తారు. రోజుల తేడా, మిగులు కలిపి వర్గమూలం తీస్తే కొలతలోని ప్రామాణిక దోషం వస్తుంది. పదిమందికి అది 7.8కి 1.7 కలిపితే 9.5, దాని వర్గమూలం 3.1. ఆరుగురికి 8.2, 2.7 కలిపి 10.9, వర్గమూలం 3.3. ఐసీసీ సగానికి పడిపోయినా ఇది దాదాపు కదల్లేదు, ఎందుకంటే ఇది మనుషుల మధ్య తేడాతో ముడిపడలేదు. పైగా ఇది స్కోరు భాషలోనే మాట్లాడుతుంది: 40 మార్కుల ఈ కాగితం మీద ఒక స్కోరు మామూలుగానే మూడు మార్కుల మేర ఊగుతుందని.

రెండు సార్ల మధ్య ఎన్ని రోజులు

కోహెన్ బృందం 1983 నాటి వ్యాసంలోనే ఈ ప్రశ్నకు ఒక కొండగుర్తు ఉంది. పద్నాలుగు ప్రశ్నల తొలి రూపాన్ని కాలేజీ విద్యార్థులకు రెండు రోజుల తేడాతో ఇస్తే సహసంబంధం 0.85 వచ్చింది. పొగ మానే కార్యక్రమంలో ఉన్నవాళ్లకు ఆరు వారాల తేడాతో ఇస్తే 0.55 వచ్చింది. ఆరు వారాల్లో పొగ మానుతున్న మనిషి ఒత్తిడి నిజంగానే మారుతుంది. ఆ పడిపోవడంలో సాధనం తప్పు ఎంతో, మనిషి మార్పు ఎంతో సంఖ్య చెప్పదు.

రెండు రోజుల తేడాకు వేరే చిక్కు ఉంది. మొన్న ఏం టిక్కు పెట్టామో విద్యార్థికి గుర్తుంటుంది. అప్పుడు కొలిచేది ప్రశ్నావళి నిలకడను కాదు, జ్ఞాపకశక్తిని. అందుకే ఎక్కువమంది రెండు వారాలు ఎంచుకుంటారు. ఈ ప్రశ్నావళి 'గడచిన నెల' గురించి అడుగుతుంది కాబట్టి రెండు వారాల తర్వాత కూడా ఆ నెలలో సగం ఉమ్మడిగానే ఉంటుంది. అది కూడా ఈ వ్యవధికి అనుకూలమే.

ఆ రెండు వారాలు ఎక్కడ పడతాయన్నది అంతకన్నా ముఖ్యం. మన ఉదాహరణలో మొదటి రోజు ఇంటర్నల్ పరీక్షలకు ముందు వారం, రెండో రోజు పరీక్షలయ్యాక అనుకోండి. 21 నుంచి 17కు దిగడం ప్రశ్నావళి లోపం కాదు, అది తన పని తాను సరిగ్గా చేసింది. ఒత్తిడి తగ్గింది, తగ్గినట్టే చూపించింది. అయినా ఐసీసీ లెక్కలో అది పొరపాటు ఖాతాలోనే పడింది. సంక్రాంతి సెలవులకు ముందూ తర్వాతా, ఫలితాలకు ముందూ తర్వాతా పెట్టినా ఇదే జరుగుతుంది. కాబట్టి పరీక్షలు, సెలవులు, ఫలితాలు లేని రెండు వారాలు వెతకాలి. రెండో కాగితం చివర ఒక ప్రశ్న చేర్చడం మంచి అలవాటు: గత రెండు వారాల్లో మీ ఒత్తిడి తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా? 'అలాగే ఉంది' అన్నవాళ్లతో విడిగా ఐసీసీ కడితే సాధనం నిలకడ స్పష్టంగా కనిపిస్తుంది. అలా కట్టబోతున్నామని కూడా ముందే రాసి పెట్టుకోవాలి.

ఆరో విద్యార్థి కాగితాలు

అన్నిటికన్నా పెద్ద తేడా ఆరో విద్యార్థిది: 21 నుంచి 14. మొత్తాన్ని పక్కన పెట్టి రెండు కాగితాల్నీ ప్రశ్న ప్రశ్నకూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఈ ప్రశ్నావళిలో ఆరు ప్రశ్నలు ఇబ్బంది గురించి అడుగుతాయి: అనుకోనిది జరిగి కలత చెందారా, కష్టాలు మోయలేనంత పేరుకున్నట్టు అనిపించిందా అన్న ధోరణిలో. మిగిలిన నాలుగు, అంటే 4, 5, 7, 8 ప్రశ్నలు, మంచి వైపు నుంచి అడుగుతాయి: పనులు మీ అదుపులో ఉన్నాయనిపించిందా అన్నట్టు. ఈ నాలుగింటికి స్కోరు తిరగేయాలి, 4 వస్తే 0, 3 వస్తే 1 అన్నట్టు.

ఆరో విద్యార్థికి ఇబ్బంది ప్రశ్నలు ఆరింటి మొత్తం మొదటిసారి 13, రెండోసారి 11. తిరగేసిన నాలుగు ప్రశ్నల మొత్తం మొదటిసారి 8, రెండోసారి 3. తగ్గిన ఏడు మార్కుల్లో అయిదు ఆ నాలుగు ప్రశ్నల నుంచే వచ్చాయి.

దీనికి రెండు వివరణలు పొసగుతాయి. పరీక్షలు బాగా రాశాక ఆ అమ్మాయికి ధీమా పెరిగి ఉండవచ్చు. లేదా అయిదారు ఇబ్బంది ప్రశ్నల మధ్య ఒక్కసారిగా దిశ మారిన తెలుగు వాక్యాన్ని మొదటిసారి సరిగ్గా గమనించక, 'ఎప్పుడూ లేదు' వైపు గీసుకుంటూ పోయి ఉండవచ్చు. ఏది నిజమో తెలుసుకునే దారి గణాంకాల్లో లేదు. ఆమెను కూర్చోబెట్టి, 'ఈ ప్రశ్న చదివి మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. పదిమందిలో చాలామందికి ఈ నాలుగు ప్రశ్నలే ఎక్కువగా కదిలితే వాక్యాలు తిరగరాయాలి. ఒక్కరికే అయితే వదిలేయవచ్చు. చిన్న పైలట్ వల్ల కలిగే అసలు లాభం ఇదే. యాభైమంది కాగితాల్ని ఇలా చదవడం కష్టం, పదిమందివి ఒక సాయంత్రంలో చదవవచ్చు.

లెక్కకు ముందే జరిగే కొన్ని పొరపాట్లు కూడా ఈ చదువులోనే దొరుకుతాయి. ఒక రోజు కాగితాలకు నాలుగు ప్రశ్నల్ని తిరగేసి, ఇంకో రోజువి తిరగేయడం మరిచిపోతే మొత్తాలు అర్థం లేకుండా ఎగుడుదిగుడవుతాయి. పేరు రాయించకుండా కోడ్ రాయిస్తే, రెండోసారి కోడ్ మరిచిపోయిన వాళ్ల కాగితాలు వేరేవాళ్ల వాటితో జతపడతాయి. అలాంటి జత ఒక్కటి చాలు, పదిమంది లెక్కను పాడుచేయడానికి. ఐసీసీ సున్నా దగ్గరకో, రుణసంఖ్యకో చేరితే అనువాదాన్ని అనుమానించే ముందు జతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. అలాగే రెండో రోజు రాని వాళ్లెవరో గమనించాలి. ఒత్తిడి ఎక్కువున్నవాళ్లే తరచుగా గైర్హాజరైతే, పైన ఆరుగురి విషయంలో చూసినట్టు లవం కరిగిపోతుంది.

ఈ సంఖ్య చెప్పనిది

తెలుగు పరిశోధనల్లో విశ్వసనీయత అనగానే క్రాన్‌బాక్ ఆల్ఫా రాయడం మామూలు. అది ఒకే రోజు కాగితంలో పది ప్రశ్నలూ ఒకే దిశగా మాట్లాడుతున్నాయా అని చూస్తుంది. రెండో రోజు అన్న ఊసే దానికి లేదు. ఆల్ఫా 0.85 ఉన్న ప్రశ్నావళికి పునఃపరీక్ష ఐసీసీ 0.5 రావచ్చు. ఒకటి రాసి రెండోది రాసినట్టు భావించకూడదు.

ఐసీసీకి కూడా ఒక పెద్ద హద్దు ఉంది. అనువాదంలో ఒక ప్రశ్న మూలానికి భిన్నమైన అర్థం ఇచ్చినా, విద్యార్థులందరూ ఆ తప్పు అర్థాన్నే రెండుసార్లూ ఒకేలా పట్టుకుంటే ఐసీసీ 0.9 దాటవచ్చు. నిలకడగా తప్పు కొలిచే సాధనాన్ని ఈ లెక్క గుర్తించలేదు. తిరుగు అనువాదం, నిపుణుల పరిశీలన, విద్యార్థులతో మాటామంతీ, ఒత్తిడిని వేరే విధంగా కొలిచిన స్కోర్లతో పోల్చి చూడటం, ఇవన్నీ ఆ పనికే. పునఃపరీక్ష వాటికి తోడు మాత్రమే.

కాబట్టి మన పదిమంది పైలట్ గురించి నిజాయితీగా రాయదగిన మాట ఇది: 'పదిమంది విద్యార్థులు రెండు వారాల తేడాతో రెండుసార్లు రాశారు. రెండు దిశల మోడల్, అబ్సల్యూట్ అగ్రిమెంట్, ఒక్క కొలత రూపంలో ఐసీసీ 0.78. విశ్వాస అంతరం సున్నా దగ్గర నుంచి 0.96 వరకు ఉంది. సగటు 21 నుంచి 17కు తగ్గింది. ఈ మధ్యలో పరీక్షలు జరిగాయి. కొలతలోని ప్రామాణిక దోషం 3.1 మార్కులు.' ఇది చదివిన వాళ్లకు ప్రశ్నావళి సిద్ధమైందని అనిపించదు, అనిపించకూడదు కూడా. విద్యార్థులు వాక్యాలకు తడబడలేదని, పరీక్షల కాలం లెక్కను కప్పేసిందని, పరీక్షలు లేని రెండు వారాల్లో వేర్వేరు కోర్సుల నుంచి యాభైమందితో మళ్లీ చేయాలని మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పదిమందితో చేసిన పైలట్ నుంచి అంతకన్నా ఎక్కువ రాబట్టలేం. ఇంత రాబట్టగలిగితే అది తన పని చేసినట్టే.